లోడ్ పడగానే సర్వో ఎందుకు వెనకబడుతుంది? స్టేట్ ఫీడ్‌బ్యాక్‌కు ఇంటిగ్రల్ జోడించే పద్ధతి

స్టేట్ ఫీడ్‌బ్యాక్‌తో పొజిషన్ సర్వో కట్టారు. సిమ్యులేషన్‌లో చెప్పిన కోణానికి చక్కగా వెళ్లి ఆగింది. అసలు మోటారుకు చేతిని బిగించి, చేతి చివర బరువు పెట్టగానే ఐదారు డిగ్రీల ముందే ఆగిపోతోంది. గెయిన్ పెంచితే తేడా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, పైగా మోటారు గీపెట్టడం మొదలవుతుంది. ఈ తేడాను సున్నా చేయాలంటే కంట్రోలర్‌లో ఒక ఇంటిగ్రేటర్ పెట్టాలి. అది ఎక్కడ పెట్టాలో, గెయిన్లు ఎలా తేల్చాలో, ఎక్కడ బెడిసికొడుతుందో ఒకే మోటారును పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ముందు మోడల్

మోటారుకు రెండు స్టేట్లు: కోణం θ, వేగం ω. ఇన్‌పుట్ u వోల్టులలో. లోడ్ టార్క్‌ను కూడా దానికి సమానమైన వోల్టేజీగా మార్చి d అని రాద్దాం.

```
θ' = ω
ω' = -10 ω + 50 u + 50 d
```

ఇందులోని 10, 50 అనే అంకెలు మీ మోటారుకు వేరుగా ఉంటాయి. వాటిని తెలుసుకోవడం కష్టమేమీ కాదు. లోడ్ లేకుండా 2 వోల్టులు ఒక్కసారిగా ఇచ్చి వేగాన్ని రికార్డు చేయండి. మన మోటారైతే 10 రేడియన్/సెకను దగ్గర నిలబడుతుంది, అందులో 63 శాతానికి 0.1 సెకనులో చేరుతుంది. ఆ 0.1ని తిరగేస్తే 10 వస్తుంది. నిలకడ వేగాన్ని వోల్టేజీతో భాగించి 10తో గుణిస్తే 50 వస్తుంది. ఈ అంకెలు పది ఇరవై శాతం అటూ ఇటూ అయినా పరవాలేదు. ఇంటిగ్రల్ ఉన్నప్పుడు తుది ఎర్రర్ వీటి కచ్చితత్వం మీద ఆధారపడదు.

ఇంటిగ్రల్ లేని మామూలు డిజైన్‌తో మొదలుపెడదాం. పోల్స్‌ను -15±15j దగ్గర పెట్టాలనుకుంటే కావలసిన పాలినామియల్ s² + 30s + 450. మనం అడిగే కోణాన్ని, అంటే రిఫరెన్స్‌ను, r అని రాసి `u = 9(r - θ) - 0.4ω` అని పెడితే సరిగ్గా అదే వస్తుంది.

ఇప్పుడు లోడ్ వెనక్కి లాగుతోందనుకోండి, d = -0.9 వోల్టులు. మోటారు ఆగిపోయిందంటే ω సున్నా, ω' కూడా సున్నా. అంటే u సరిగ్గా 0.9 ఉండాలి. మన సూత్రంలో ω సున్నా కాబట్టి ఆ 0.9 వోల్టులు 9(r - θ) నుంచే రావాలి. అంటే r - θ = 0.1 రేడియన్, దాదాపు 5.7 డిగ్రీలు. లోడ్‌ను మోయడానికి కావలసిన వోల్టేజీ ఎర్రర్ నుంచే పుడుతోంది కాబట్టి ఎర్రర్ ఉండి తీరాలి. గెయిన్ 9ని 18 చేస్తే తేడా సగమవుతుంది, అంతే.

చాలామంది తడబడేది ఇక్కడే. మోటారు మోడల్‌లో θ' = ω రూపంలో ఇంటిగ్రేటర్ ముందే ఉంది కదా, మళ్లీ ఇంకొకటి ఎందుకు అంటారు. లోడ్ లేనప్పుడు ఆ మాట నిజమే, అప్పుడు ఎర్రర్ దానంతటదే సున్నాకు వస్తుంది. కానీ లోడ్ ప్రవేశించేది ఆ ఇంటిగ్రేటర్‌కు ముందు, మోటారు ఇన్‌పుట్ దగ్గర. దాన్ని రద్దు చేయాలంటే ఎర్రర్‌కూ, లోడ్ ప్రవేశించే చోటుకూ మధ్య ఇంటిగ్రేటర్ ఉండాలి. అంటే అది కంట్రోలర్‌లోనే ఉండాలి.

మూడో స్టేట్ చేర్చడం

ఎర్రర్‌ను కూడబెట్టే కొత్త స్టేట్ ఒకటి పెట్టండి:

```
xi' = r - θ
u   = kr·r - k1·θ - k2·ω + ki·xi
```

`kr` సంగతి కాసేపు పక్కన పెడదాం. ఈ అమరికలో అసలు కిటుకు మొదటి పంక్తిలోనే ఉంది. లూప్ స్టేబుల్‌గా ఉండి, r, d రెండూ స్థిరంగా ఉంటే అన్ని స్టేట్లూ ఎక్కడో ఒక చోట నిలబడతాయి. xi నిలబడిందంటే xi' సున్నా, అంటే θ = r. ఈ వాదనలో 10, 50, d విలువలు ఎక్కడా రాలేదని గమనించండి. లోడ్ ఎంతో మనం కొలవనక్కర్లేదు. కావలసిన 0.9 వోల్టులను ki·xi తనే తెచ్చిపెడుతుంది.

గెయిన్ల లెక్కకు దిగే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. మొత్తం సిస్టమ్‌లో ఇన్‌పుట్ నుంచి మనం అనుసరించాలనుకునే అవుట్‌పుట్‌కు s = 0 దగ్గర జీరో ఉండకూడదు. ఉంటే ఈ మూడో స్టేట్‌ను ఇన్‌పుట్‌తో అదుపు చేయడం కుదరదు. దీన్ని ఒక మాట్రిక్స్ డిటర్మినెంట్‌తో తేల్చుకోవచ్చు:

```
| A  B |     | 0    1   0 |
| C  0 |  =  | 0  -10  50 |
             | 1    0   0 |
```

దీని డిటర్మినెంట్ 50, సున్నా కాదు, కాబట్టి ముందుకు వెళ్లవచ్చు. ఇది లాంఛనం కాదు. ఇదే మోడల్‌తో కోణానికి బదులు వేగాన్ని రిఫరెన్స్‌కు కట్టాలనుకుంటే చివరి వరుస 0 1 0 అవుతుంది. అప్పుడు మొదటి వరుసా చివరి వరుసా ఒకటే, డిటర్మినెంట్ సున్నా. ఆ పరిస్థితిలో పోల్ ప్లేస్‌మెంట్ ఫంక్షన్ ఎర్రర్ అయినా ఇస్తుంది, అర్థంలేని పెద్ద గెయిన్లు అయినా ఇస్తుంది. దానికి విరుగుడు తేలికే: వేగమే కావాలంటే θను స్టేట్ల జాబితా నుంచి తీసేయండి.

గెయిన్లు తేల్చడం

మూడు స్టేట్లు కాబట్టి మూడు పోల్స్ ఎంచుకోవాలి. క్లోజ్డ్ లూప్ పాలినామియల్ ఇలా వస్తుంది:

```
s³ + (10 + 50 k2) s² + 50 k1 s + 50 ki
```

పాత రెండు పోల్స్‌ను -15±15j దగ్గరే ఉంచి, మూడోదాన్ని -10 దగ్గర పెడదాం. (s² + 30s + 450)(s + 10) గుణిస్తే s³ + 40s² + 750s + 4500. ఒక్కో పదాన్నీ పోల్చి చూస్తే k2 = 0.6, k1 = 15, ki = 90.

ఇక్కడ పాత 9, 0.4 గెయిన్లను అలాగే ఉంచి, పైన కొంచెం ki తగిలించి సరిపెట్టుకోవద్దు. ఇంటిగ్రల్ చేరితే లూప్‌లో ఆలస్యం పెరుగుతుంది, డ్యాంపింగ్ తగ్గుతుంది. దాన్ని భర్తీ చేయడానికే k1, k2 రెండూ పెరిగాయి. మూడూ కలిపి ఒకేసారి తేల్చాల్సిన గెయిన్లు ఇవి. విడిగా ట్యూన్ చేయడం కంటే ఈ పద్ధతిలో ఉన్న లాభమే అది.

కంప్యూటర్‌తో చేయాలంటే:

```python
import numpy as np
from scipy.signal import place_poles

A = np.array([[0, 1], [0, -10]])
B = np.array([[0], [50]])
C = np.array([[1, 0]])
Aa = np.block([[A, np.zeros((2, 1))], [-C, np.zeros((1, 1))]])
Ba = np.vstack([B, [[0]]])
K = place_poles(Aa, Ba, [-15+15j, -15-15j, -10]).gain_matrix
print(K)
```

ఫలితం 15, 0.6, -90 అని వస్తుంది. చివరిది మైనస్‌లో ఉందని కంగారు పడకండి. ఈ ఫంక్షన్ u = -Kx అనే రూపానికి లెక్కిస్తుంది, మనం xi ముందు ప్లస్ పెట్టుకున్నాం, కాబట్టి ki = 90. ఈ గుర్తు తారుమారైతే పాలినామియల్ చివరి పదం మైనస్ అవుతుంది, ఒక పోల్ కుడి సగానికి వెళ్తుంది. పవర్ ఆన్ చేయగానే మోటారు ఒక వైపుకు పరుగెత్తి ఆగకపోతే ముందుగా చూడాల్సింది ఇదే.

మూడో పోల్‌ను -10 దగ్గరే ఎందుకు పెట్టాలి, -30 దగ్గర పెడితే లోడ్ ప్రభావం ఇంకా వేగంగా పోదా? పోతుంది. కానీ గెయిన్లు k1 = 27, k2 = 1.0, ki = 270 అవుతాయి. దీని మూల్యం వేగం కొలిచే దగ్గర ఎలా చెల్లించాల్సి వస్తుందో కింద చూస్తారు. -10 ఉన్నప్పుడు 0.9 వోల్టుల లోడ్ ఒక్కసారిగా పడితే కోణం గరిష్ఠంగా 2.9 డిగ్రీల దాకా జారి, అర సెకను తిరిగేసరికి 0.1 డిగ్రీ లోపుకు వచ్చేస్తుంది. చాలా పనులకు ఇది సరిపోతుంది.

kr ఎంత పెట్టాలి

`kr` వల్ల స్టెబిలిటీ మారదు, తుది ఎర్రర్ మారదు. మారేది రిఫరెన్స్ మార్చినప్పుడు సర్వో కదిలే తీరు. చాలామంది దీన్ని సున్నాగా వదిలేస్తారు. అప్పుడు కొత్త r గురించి కంట్రోలర్‌కు తెలిసేది ఇంటిగ్రేటర్ ద్వారా మాత్రమే. అది నిండేదాకా మోటారు కదలదు, కాబట్టి సర్వో బద్ధకంగా అనిపిస్తుంది. దీనికి విరుద్ధంగా kr = k1 = 15 పెడితే మామూలు ఎర్రర్ ఫీడ్‌బ్యాక్ అయిపోతుంది. మొదట్లో కూడిన ఎర్రర్‌ను ఖాళీ చేయడానికి θ తప్పనిసరిగా r దాటి వెళ్లాలి, అంటే ఓవర్‌షూట్ ఖాయం.

మధ్యలో ఒక మంచి విలువ ఉంది. r నుంచి θకు ఉన్న ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ పైభాగం 50(kr·s + ki). దాని జీరో -ki/kr దగ్గర ఉంటుంది. kr = 9 పెడితే ఆ జీరో -90/9 = -10 దగ్గరికి వస్తుంది. మనం ఎంచుకున్న మూడో పోల్ కూడా అక్కడే ఉంది, రెండూ రద్దవుతాయి. మిగిలేది 450/(s² + 30s + 450), అంటే ఇంటిగ్రల్ లేనప్పటి పాత డిజైన్ స్పందనే. ఓవర్‌షూట్ 4 శాతానికి కాస్త ఎక్కువ, గరిష్ఠానికి చేరేది 0.21 సెకనులో. ఇంటిగ్రల్ నెమ్మదితనం లోడ్ పడినప్పుడు మాత్రమే కనిపిస్తుంది, రిఫరెన్స్ మారినప్పుడు కనిపించదు. నా లెక్కలో ఈ మొత్తం పద్ధతిలో ఒక్క పంక్తి మార్పుకు దక్కే అతి పెద్ద లాభం ఇదే. మోటారు అంకెలు కొంచెం తప్పయితే రద్దు కూడా కొంచెం తప్పుతుంది, చివర్లో చిన్న తోక కనిపిస్తుంది, దానితో ప్రమాదమేమీ లేదు.

కోడ్‌లో పెట్టేటప్పుడు: వోల్టేజీ హద్దు

ఇప్పటిదాకా u ఎంత కావాలంటే అంత వస్తుందనుకున్నాం. మన సప్లై 12 వోల్టులనుకుందాం. kr = 9 తో r ఒక్కసారిగా 1 రేడియన్ మారితే మొదటి క్షణంలో u 9 వోల్టులు, పరవాలేదు. 1.33 రేడియన్లు, అంటే సుమారు 76 డిగ్రీల మార్పు దాకా హద్దులోనే ఉంటాం. 3 రేడియన్లు అడిగితే 27 వోల్టులు కావాలి, దొరికేది 12. మోటారు అనుకున్నదానికంటే నెమ్మదిగా వెళ్తుంది, ఈలోగా xi లెక్కకు మించి నిండుతుంది, చివరికి కోణం r దాటి చాలా దూరం వెళ్లి వెనక్కి వస్తుంది. చిన్న కదలికల్లో బుద్ధిగా ఉండే సర్వో పెద్ద కదలికల్లో మాత్రమే ఓవర్‌షూట్ చేస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. పోల్స్‌ను మార్చి ప్రయోజనం లేదు.

u హద్దును తాకినప్పుడు, అదే వైపుకు ఇంకా నెట్టే ఎర్రర్‌ను కూడబెట్టడం ఆపేయాలి:

```c
e = r - theta;
v = kr*r - k1*theta - k2*omega + ki*xi;
u = v;
if (u > 12.0f)  u = 12.0f;
if (u < -12.0f) u = -12.0f;

if (u == v || (v > 0 && e < 0) || (v < 0 && e > 0))
    xi += Ts * e;
```

Ts ఇక్కడ 0.001 సెకను. చివరి షరతులో రెండో భాగాన్ని మరిచిపోవద్దు. హద్దు తాకి ఉన్నా, ఎర్రర్ మనల్ని హద్దు నుంచి బయటికి లాగే వైపు ఉంటే కూడబెట్టనివ్వాలి, లేకపోతే ఇంటిగ్రేటర్ అక్కడే ఇరుక్కుపోవచ్చు.

ఆపేసినందువల్ల ఒక చిన్న పర్యవసానం ఉంది. kr = 9 అయినప్పుడు లోడ్ లేకపోయినా నిలకడలో xi విలువ r/15 ఉండాలి (15r - 9r = 90xi కాబట్టి). హద్దు దగ్గర గడిపిన కాలంలో xi నిండలేదు కనుక, చివర్లో అది నిండేదాకా కోణం మెల్లగా పాకుతూ r చేరుతుంది. ఆ పాకుడు నచ్చకపోతే పెద్ద మార్పులను ఒక్క దెబ్బలో ఇవ్వకుండా, r ను హద్దు తాకని వేగంతో కొంచెం కొంచెంగా జరపండి.

ఈ కోడ్‌లో ఇంకొకటి గమనించాలి. కంట్రోలర్‌ను ఆన్ చేసే క్షణంలో xi పాత విలువతో ఉంటే మోటారు ఎగిరిపడుతుంది. ఆన్ చేసేటప్పుడు r ను ప్రస్తుత θకు సమానం చేసి, xi = θ/15 పెట్టండి. అప్పుడు u సున్నా నుంచి మొదలవుతుంది.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది

కోణానికి ఎన్‌కోడర్ ఉంటుంది, వేగానికి సాధారణంగా సెన్సర్ ఉండదు. రెండు రీడింగుల తేడాను Tsతో భాగిస్తే వేగం వస్తుందనుకుంటాం. ఎన్‌కోడర్ చుట్టుకు 2000 కౌంట్లు ఇస్తుందనుకోండి. ఒక కౌంట్ 0.00314 రేడియన్. దాన్ని 0.001తో భాగిస్తే 3.14 రేడియన్/సెకను. అంటే కోణం ఒక్క కౌంట్ మారగానే వేగం సున్నా నుంచి 3.14కు దూకుతుంది, k2 = 0.6 తో గుణిస్తే వోల్టేజీలో 1.9 వోల్టుల కుదుపు. మూడో పోల్‌ను -30 దగ్గర పెట్టి ఉంటే k2 = 1.0, కుదుపు 3.1 వోల్టులు. మోటారు గీపెట్టేది ఇందుకే.

కాబట్టి ఫిల్టర్ అయినా వాడాలి, అబ్జర్వర్ అయినా వాడాలి. అబ్జర్వర్ వాడేవాళ్లు ఒక గోతిలో పడుతుంటారు, అది కంటికి కనిపించని గొయ్యి. అబ్జర్వర్ θ, ω రెండింటికీ అంచనాలు ఇస్తుంది. అంచనా కోణంలో నాయిస్ తక్కువ కనుక ఇంటిగ్రేటర్‌కు కూడా దాన్నే ఇవ్వాలనిపిస్తుంది. అలా చేయకూడదు.

లెక్క చూడండి. అబ్జర్వర్ పోల్స్ రెండింటినీ -60 దగ్గర పెట్టామనుకుందాం, దాని గెయిన్లు 110, 2500 వస్తాయి. లోడ్ d గురించి అబ్జర్వర్ మోడల్‌కు తెలియదు. d = -0.9 ఉన్నప్పుడు దాని అంచనా కోణం అసలు కోణం కంటే 50 × 0.9 / 3600 = 0.0125 రేడియన్, అంటే 0.72 డిగ్రీ ఎక్కువ చూపిస్తూ నిలబడిపోతుంది. పైగా మోటారు కదలకుండా ఉన్నా వేగం 1.4 రేడియన్/సెకనుకు దగ్గరగా ఉందని చెబుతుంది. ఇంటిగ్రేటర్ అంచనా కోణాన్ని r దగ్గరికి తెచ్చి తన పని అయిపోయిందనుకుంటుంది. స్క్రీన్ మీద అంచనా ఎర్రర్ సున్నా, అసలు కోణం మాత్రం 0.72 డిగ్రీ తక్కువ. ఇంటిగ్రల్ పెట్టినా ఎర్రర్ పోలేదని తలపట్టుకునేది ఇలాంటి చోటే.

అందుకే `e = r - theta` లోని theta ఎన్‌కోడర్ రీడింగే కావాలి. k1, k2 పక్కన అంచనాలు ఉండవచ్చు. వాటిలోని స్థిరమైన తప్పులను xi మోసేస్తుంది. అబ్జర్వర్‌కు ఇచ్చే u మాత్రం హద్దు వేసిన తర్వాతి u అయి ఉండాలి. మోటారుకు అందని 27 వోల్టులు అందాయని దానికి చెబితే అంచనాలన్నీ చెడిపోతాయి. ఇదే తర్కంతో ఇంకో మాట: ఎన్‌కోడర్‌ను 1 డిగ్రీ వంకరగా బిగిస్తే చేయి కూడా 1 డిగ్రీ వంకరగానే ఆగుతుంది. ఇంటిగ్రల్ సెన్సర్ చెప్పినదాన్ని నమ్ముతుంది, అంతకు మించి దానికేమీ తెలియదు.

పరీక్షించడం

రిఫరెన్స్‌ను ఒక చోట నిలిపి, చేతి చివర బరువు తగిలించి θ, u, xi మూడింటినీ ప్లాట్ చేయండి. θ జారి వెనక్కి రావాలి, u కొత్త విలువ దగ్గర నిలబడాలి, xi కొంచెం పెరిగి ఆగాలి. మన మోటారులో ఆ పెరుగుదల 0.9/90 = 0.01. బరువు తీసేస్తే పాత విలువకు రావాలి. తర్వాత కోడ్‌లో u ను 0.7తో గుణించి మళ్లీ చూడండి. మోటారు బలం 30 శాతం తగ్గినట్టు లెక్క. స్పందన కొంచెం మారుతుంది గానీ తుది ఎర్రర్ సున్నాయే ఉండాలి. లేకపోతే ఇంటిగ్రేటర్ తప్పు సిగ్నల్‌ను కూడబెడుతోంది.

r నిలబడకుండా ఒకే వేగంతో జరుగుతుంటే సున్నా ఎర్రర్ ఆశించకండి. ఈ డిజైన్‌లో θ సుమారు 0.067 సెకను వెనకగా నడుస్తుంది. రిఫరెన్స్ సెకనుకు 1 రేడియన్ కదులుతుంటే 0.067 రేడియన్ తేడా ఉంటుంది. r ఆగగానే అది పోతుంది.

ఇక గేరు పెట్టె ఉన్న సర్వోల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. చేయి r దగ్గరికి వచ్చి ఆగుతుంది, ఒక క్షణం అలాగే ఉంటుంది, ఉన్నట్టుండి గెంతి అవతలికి పోతుంది, మళ్లీ ఆగుతుంది, మళ్లీ వెనక్కి గెంతుతుంది. ఇది గెయిన్ల తప్పు కాదు. ఆగి ఉన్నప్పటి ఘర్షణ కదులుతున్నప్పటి ఘర్షణ కంటే ఎక్కువ కావడం వల్ల ఇలా జరుగుతుంది. ఒకట్రెండు కౌంట్ల ఎర్రర్‌తో ఆగినా xi మెల్లగా నిండుతూనే ఉంటుంది, ఘర్షణ విడిపోగానే కావలసిన దానికంటే ఎక్కువ నెట్టేస్తుంది. ప్లాట్‌లో xi త్రిభుజాలుగా, θ మెట్లుగా కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ki తగ్గిస్తే గెంతుల మధ్య విరామం పెరుగుతుంది గానీ గెంతులు ఆగవు.

దీనికి పనిచేసే మందు, ఎర్రర్ రెండు కౌంట్ల లోపు ఉన్నప్పుడు కూడబెట్టడం ఆపేయడం. పై కోడ్‌లో `xi += Ts * e;` ముందు `if (fabsf(e) > 0.0063f)` అని చేర్చండి. దీంతో 0.36 డిగ్రీ దాకా తేడాను ఒప్పుకున్నట్టే. అంత తేడా కూడా కుదరదంటే ఎక్కువ కౌంట్ల ఎన్‌కోడర్, ఘర్షణ తక్కువ ఉన్న గేర్లు వెతుక్కోవాలి, కోడ్‌లో చేయగలిగింది అక్కడితో అయిపోతుంది.